నాలుగింతలు చేసిన ఓట్స్ బార్లు: ఒక్కోదానికి 335 కేలరీలు ఎలా వస్తున్నాయి?

సగంకప్పు
12 బార్లకు ఇచ్చిన రెసిపీని నాలుగింతలు చేసి వేశాను. ఓట్స్, పీనట్ బటర్, తేనె, బాదం, కిస్‌మిస్, అంతే. రెసిపీ రాసినవాళ్లు ఒక్కో బార్‌కు సుమారు 190 కేలరీలు అన్నారు. నేను వాడిన ప్యాకెట్ల లేబుళ్లను ఆన్‌లైన్‌లో వెతికి స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. వాటిని చూస్తూ ఎక్సెల్‌లో కూడితే ఒక్కో బార్‌కు 335 వస్తోంది. మూడుసార్లు సరిచూశాను, కూడిక తప్పలేదు. అన్నీ ఒకే లెక్కన పెంచితే ఒక ముక్కలో కేలరీలు ఎందుకు పెరుగుతాయి? ఈ బార్లు ఆఫీసులో అందరికీ పంచాలి. డబ్బా మీద ఏదో ఒక అంకె రాయాలి కాబట్టి టెన్షన్‌గా ఉంది.

రాత్రిబండి
335 ఉంటే ఉందిలే, పంచేది మీరు, లావయ్యేది వాళ్లు.

నిమ్మగడ్డి
రోజుకి మనకెన్ని కేలరీలు కావాలో ముందు చూసుకోండి. బరువు తగ్గాలంటే బార్లు మానేసి పండ్లు తినడం మేలు. నేను అలాగే మానేశాను.

సగంకప్పు
@నిమ్మగడ్డి తగ్గడం గురించి కాదండీ, లెక్క గురించి అడుగుతున్నాను.

పెద్దగరిటె
పెద్ద బ్యాచ్ అంటే ఓవెన్‌లో ఎక్కువసేపు ఉంటుంది. నీరు ఇగిరి బార్ చిక్కబడుతుంది కాబట్టి కేలరీలు పెరుగుతాయి. మామూలే.

తూకంరాయి
@పెద్దగరిటె నీరు ఇగిరితే గ్రాముకు కేలరీలు పెరుగుతాయి. ముక్కకు పెరగవు. ట్రేలోకి వెళ్లిన మొత్తం కేలరీల్లో ఆవిరి ఏమీ పట్టుకుపోదు, నీటికి కేలరీలు లేవు. ముక్కల సంఖ్య మారకపోతే ముక్కకు అదే అంకె రావాలి.

@సగంకప్పు అన్నీ నాలుగింతలైతే పైన నాలుగు, కింద నాలుగు కొట్టేసుకుపోతాయి. అందుకే మీకు అనుమానం రావడం సబబే. 190 ఎక్కడ, 335 ఎక్కడ? అంత తేడా రావాలంటే ముక్కలు తక్కువైనా కావాలి, ఏదో ఒక పదార్థం కేలరీలు తప్పుగానైనా ఎక్కి ఉండాలి. రెండూ జరిగి ఉండొచ్చు. మూడు సంగతులు చెప్పండి. ఎన్ని ముక్కలు కోశారు? ఏది ఎన్ని గ్రాములు వేశారు? ఒక్కో లేబుల్ మీద ఏం రాసుంది? ఎక్సెల్‌లోది కాదు, లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు.

సగంకప్పు
ముక్కలు 40. పెద్ద ట్రేలు రెండు వాడాను, 48గా కోస్తే మరీ సన్నగా వస్తున్నాయని కాస్త పెద్దవి కోశాను. అది లెక్కలో పెట్టాను, 40తోనే భాగించాను.

వేసినవి: ఓట్స్ 800 గ్రా, పీనట్ బటర్ 480, తేనె 400, బాదం 240, కిస్‌మిస్ 200. అన్నీ తూకం మీదే, కప్పులతో కాదు (పేరు చూసి మోసపోకండి).

లేబుళ్లు:
ఓట్స్: 40 గ్రాములకు 150
పీనట్ బటర్: రెండు చెంచాలు, 32 గ్రా, 190
తేనె: ఒక చెంచా, 21 గ్రా, 60
కిస్‌మిస్: 40 గ్రా, 120
బాదం: 100 గ్రాములకు 2423

ఎక్సెల్‌లో వచ్చినవి వరుసగా 3000, 2850, 1143, 600, 5815. మొత్తం 13408. నలభైతో భాగిస్తే 335.

రాత్రిబండి
బాదం ఒక్కటే మిగతా నాలుగింటితో పోటీపడుతోంది. ఎవరికైనా అనుమానం వచ్చిందా?

మూడోచెంచా
బాదం నూనె గింజ కదా, ఎక్కువే ఉంటుంది మరి.

తూకంరాయి
ఎక్కువే, కానీ అంత కాదు. వట్టి నూనెకే 100 గ్రాములకు సుమారు 900. మనం తినే వాటిలో అంతకు మించింది లేదు, ఎందుకంటే కొవ్వు గ్రాముకు 9, పిండిపదార్థం, ప్రొటీన్ గ్రాముకు 4 చొప్పున ఇస్తాయి. లేబుల్‌లో 100 గ్రాములకు 900 దాటి ఏదైనా కనబడితే అది కేలరీ అంకె కాదు. 2423 అనేది `kJ`, అంటే కిలోజౌళ్లు, శక్తికి ఇంకో కొలత. స్క్రీన్‌షాట్‌లో ఆ అంకె పక్కన ఏముందో చూసి చెప్పండి.

సగంకప్పు
చూశాను. ఎడమవైపు `Energy` అని ఉంది, తర్వాత 2423. దాని పక్కన ఏదో ఉండాలి గానీ, ఫోన్‌లో క్రాప్ చేసినప్పుడు కుడివైపు పోయింది. పూర్తి పేజీ మళ్లీ తెరిచాను. `2423 kJ / 579 kcal` అని ఉంది.

మూడోచెంచా
😂 579 గారు పక్కనే కూర్చుని ఉన్నారు, మనం ఆయన్ని కత్తిరించి పారేశాం.

పిండిమర
కొన్ని దేశాల లేబుళ్లలో `kJ` ముందు వస్తుంది, కేలరీలు తర్వాత. ఇంకొన్నింటిలో కేలరీలు మాత్రమే ఉంటాయి. స్క్రీన్‌షాట్లు ఐదు రకాల పేజీల నుంచి తెచ్చుకుంటే ఇలా కలగాపులగం అవుతుంది. రెండోది కనబడకపోతే 4.184తో భాగించండి. 2423 ÷ 4.184 = 579, సరిగ్గా సరిపోయింది.

సగంకప్పు
సరే, బాదం 240 గ్రాములకు 1390 అయింది. మొత్తం 8983. 40తో భాగిస్తే 225. ఇంకా 190 రాలేదు.

తూకంరాయి
48తో భాగించి చూడండి.

సగంకప్పు
187!! ఓహో. అంటే రెసిపీ వాళ్ల ముక్క చిన్నది, నాది పెద్దది. లెక్క ఒకటే.

తూకంరాయి
అంతే. రెసిపీలో కొలతలు నాలుగింతలు చేశారు గానీ ముక్కలు 12 నుంచి 40 అయ్యాయి, అంటే మూడున్నర రెట్లు కూడా కాలేదు. రెసిపీని పెంచేటప్పుడు అందరూ పదార్థాలనే పెంచుతారు, ట్రే పరిమాణం మాత్రం ఇంట్లో ఉన్నదే ఉంటుంది. అక్కడే ముక్క సైజు మారిపోతుంది. డబ్బా మీద రెసిపీ అంకె ఎత్తి రాస్తే తప్పే.

పెద్దగరిటె
నాదో సులువైన పద్ధతి ఉంది. ప్యాకెట్ మొత్తానికి ఎన్ని సర్వింగులో లేబుల్ మీదే ఉంటుంది కదా. దాన్ని ఒక సర్వింగు కేలరీలతో గుణించేస్తే ప్యాకెట్ మొత్తం వస్తుంది. పెద్ద బ్యాచ్‌లో ఎలాగూ ప్యాకెట్లకు ప్యాకెట్లే ఖాళీ అవుతాయి. తూకం గొడవే లేదు.

పిండిమర
ప్యాకెట్ నిజంగా ఖాళీ అయితే పనిచేస్తుంది. కానీ చాలా లేబుళ్లలో ఆ సర్వింగుల సంఖ్య ముందు `about` అని ఉంటుంది చూడండి. 454 గ్రాముల పీనట్ బటర్ డబ్బాను 32తో భాగిస్తే 14.2, దాన్ని సుమారు 14 అంటారు. తేడా చిన్నదే అనుకోండి. అసలు ఇబ్బంది డబ్బా అడుగున అంటుకుని మిగిలేది. అదీ మీ లెక్కలో పడిపోతుంది.

మూడోచెంచా
అడుగున మిగిలేది చెంచాతో గీకి నేను తినేస్తాను కాబట్టి ఎవరి లెక్కలోనూ పడదు.

కారప్పొడి_కాదు
నాకూ ఇలాంటిదే వేరే రూపంలో ఎదురైంది. పెద్ద కుండలో సూప్, నలభై మందికి. స్టాక్ పొడి డబ్బా లేబుల్‌లో 100 మిల్లీలీటర్లకు 5 కేలరీలు అని చూసి, వంద గ్రాముల పొడికి 5 కట్టాను. మొత్తం సూప్‌లో స్టాక్ వాటా దాదాపు సున్నా అయింది. తీరా చూస్తే ఆ నిలువు వరుస పొడి నీళ్లలో కలిపాక వచ్చే స్టాక్‌ది. లేబుల్ పైన చిన్న అక్షరాల్లో `as prepared` అని ఉంది, స్క్రీన్‌షాట్‌లో ఆ వరుస రాలేదు.

తూకంరాయి
ఇది చాలామందికి తగిలేదే. పొడులు, కేక్ మిక్స్‌లు, అల్పాహారం సీరియల్స్, అన్నింటికీ. కొన్ని సీరియల్ లేబుళ్లలో రెండు వరుసలుంటాయి, ఒకటి వట్టిది, ఒకటి పాలతో. పాలతో ఉన్న వరుస తీసుకుని, పాలు మళ్లీ వేరే వరుసలో కలిపితే పాలు రెండుసార్లు పడతాయి. అందుకే స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు మూడు వరుసలు తప్పకుండా రావాలి: వరుస పేర్లు, సర్వింగ్ సైజు గ్రాముల్లో, కేలరీల అంకెతో పాటు దాని యూనిట్. మిగతా విటమిన్ల పట్టిక పోయినా పర్లేదు.

సగంకప్పు
నా ఎక్సెల్ చూసి ఇంకేమైనా తప్పుందేమో చెప్పగలరా? వరుసలు ఇలా ఉన్నాయి: B లో లేబుల్ కేలరీలు, C లో ఆ కేలరీలు ఎన్ని గ్రాములకో, D లో నేను వేసిన గ్రాములు.

```
=B2/C2*D2
=SUM(E2:E6)/40
```

పిండిమర
ఇది బాగుంది. కానీ 40ని ఫార్ములాలో పాతిపెట్టకండి, వేరే గడిలో పెట్టి దానికి భాగించండి. మళ్లీ చేసినప్పుడు 44 ముక్కలు వస్తే ఫార్ములా ముట్టుకోనక్కర్లేదు. B పక్కన యూనిట్ రాయడానికి ఒక గడి పెట్టుకోండి. `kJ` అని రాయాల్సి వస్తే అప్పుడే చెయ్యి ఆగుతుంది.

ఇంకో మాట. ఫోన్ స్క్రీన్‌షాట్ నుంచి అక్షరాలు కాపీ చేస్తున్నట్టయితే `0g` ని `09` అనో `9` అనో పట్టుకోవచ్చు. కళ్లతో చూసి కొట్టుకోవడమే నయం.

నిమ్మగడ్డి
ముక్కలన్నీ ఒకే సైజులో వచ్చాయా? నేను కోస్తే మూలవి పెద్దవి, మధ్యవి చిన్నవి వస్తాయి. అప్పుడు 225 అనే అంకె ఎవరికి వర్తిస్తుంది?

తూకంరాయి
ఇది మంచి ప్రశ్న. ముక్కల సంఖ్యతో భాగించడం కంటే కాలిన తర్వాతి మొత్తం బరువుతో భాగించడం మేలు. @సగంకప్పు, ఓవెన్ నుంచి తీశాక తూచారా?

సగంకప్పు
తూచాను. రెండు ట్రేలు కలిపి 1995 గ్రా. పచ్చిది 2120 వేశాను. అంచులు ఊడిపోయినవి తీసేసి మిగిలింది కోస్తే బార్ ఒక్కోటీ 47 గ్రాములకు అటూ ఇటూ వచ్చింది.

పెద్దగరిటె
అయితే ఇంకా సులువు. 8983ని 2120తో భాగిస్తే గ్రాముకు 4.24. దాన్ని 47తో గుణిస్తే 199. అదే రాసేయండి.

తూకంరాయి
@పెద్దగరిటె పద్ధతి సరైనదే, భాగించాల్సింది 2120తో కాదు. 47 గ్రాములు కాలిన బార్‌ది, 2120 పచ్చి మిశ్రమానిది. మధ్యలో 125 గ్రాముల నీరు పోయింది. 8983 ÷ 1995 = గ్రాముకు 4.5. 47తో గుణిస్తే 212. మీరు ఇందాక చెప్పిన ఆవిరి ఇక్కడ పనికొచ్చింది, గ్రాముకు లెక్క వేసేటప్పుడు మాత్రం.

పెద్దగరిటె
ఒప్పుకున్నాను. కానీ సంఖ్యతో 225, బరువుతో 212. ఈ 13 ఎక్కడికి పోయింది?

రాత్రిబండి
40 × 47 = 1880. ట్రేలో 1995 ఉంది. అంచులు 115 గ్రాములు. వాటి కేలరీలు సుమారు 518. ఎవరు తిన్నారో చెప్పుకోండి చూద్దాం.

సగంకప్పు
నేనేమీ మాట్లాడను.

మూడోచెంచా
బార్లు ఆఫీసుకి, అంచులు ఇంట్లో వాళ్లకి. రెండున్నర బార్లంత దర్జాగా లాగించేశారు.

తూకంరాయి
సరిగ్గా అదే. 225 అంటే అంచుల కేలరీలు కూడా నలభై బార్ల మీద రుద్దినట్టు. అంచులు కూడా పంచితే అది సరే, పంచకపోతే 212. పెద్ద బ్యాచ్‌లో ఇలాంటివి ఎక్కువవుతాయి. ట్రేకి అంటుకున్నది, గిన్నెలో మిగిలింది, రుచి చూసింది. బరువుతో లెక్కేస్తే, కాలాక తూచిన దాంట్లో ఉన్నవి వాటంతటవే పక్కకు పోతాయి, తూచకముందే తగ్గినవి మాత్రం పోవు. ఒక్కో బార్ తేడాగా ఉన్నా గ్రాముకు 4.5 అని తెలిస్తే చాలు, 52 గ్రాముల బార్ అందుకున్నవాళ్లు 234 అని తామే లెక్కేసుకుంటారు.

కారప్పొడి_కాదు
సూప్‌కి నేనూ ఇదే చేస్తాను. ఖాళీ కుండ బరువు ముందే రాసిపెట్టుకుంటాను, అది మర్చిపోతే ఆ తర్వాత ఏం చేసినా లాభం లేదు. నిండు కుండ తూచి, ఖాళీది తీసేసి, గ్రాముకు కేలరీలు తేల్చుకుని, ఒక్కో గిన్నెలో ఎంత పోశానో చూస్తాను. ఎసరు కొంచెం ఎక్కువైనా తక్కువైనా లెక్క చెడదు.

పిండిమర
తేనె గురించి ఒకటి చెప్పాలి. 21 గ్రాములకు 60 అంటే వందకు 286 వస్తుంది. కానీ తేనె వందకు 304 దరిదాపుల్లో ఉంటుంది, 21 గ్రాములకు 64. లేబుల్ మీద 60 ఎందుకుందంటే అమెరికా లేబుల్ నియమంలో 50 దాటిన కేలరీలను దగ్గరి పదికి సరిచేస్తారు. 64ని 60 చేస్తారు, 66 అయితే 70 అవుతుంది. చిన్న సర్వింగు ఉన్న పదార్థానికి ఈ సవరింపు ఎక్కువగా తగులుతుంది.

పెద్దగరిటె
అయితే నాలుగింతలు చేస్తే ఆ తప్పు కూడా నాలుగింతలు అవుతుందిగా! అందుకే పెద్ద బ్యాచ్‌లకు లేబుల్ పనికిరాదు అంటాను.

పిండిమర
తప్పు నాలుగింతలు అవుతుంది, దాన్ని పంచుకునే ముక్కలూ నాలుగింతలు. ఒక ముక్కకు పడే తప్పు మారదు. ఇక్కడ తేనె తేడా మొత్తం మీద 73 కేలరీలు, బార్‌కు రెండు కూడా లేదు. ఓట్స్‌దే కొంచెం పెద్దది. 150 అని రాసినది నిజానికి 145 నుంచి 155 దాకా ఏదైనా కావచ్చు. 800 గ్రాములకు అది అటూ ఇటూ 100 కేలరీలు. అన్నీ ఒకే వైపుకు తప్పినా బార్‌కు సుమారు ఏడు కేలరీలు మారతాయి. కాబట్టి 212 అని గట్టిగా చెప్పడానికి లేదు, 210 అంటే చాలు.

మూడోచెంచా
ట్రేకి కొట్టిన ఆయిల్ స్ప్రే? నా దాని మీద `0` అని ఉంటుంది. సున్నాను నాలుగుతో గుణిస్తే సున్నా కదా, హాయి.

తూకంరాయి
ఆ సున్నా కూడా సవరించినదే. ఒక సర్వింగులో 5 కేలరీల కంటే తక్కువుంటే సున్నా అని రాసుకోవచ్చు. స్ప్రేకి సర్వింగు అంటే పావు సెకను నొక్కడం, పావు గ్రాము నూనె. ట్రే అంతా తడిసేలా కొడితే రెండు మూడు గ్రాములు పడుతుంది. డబ్బాను కొట్టకముందు, కొట్టిన తర్వాత తూచి, తేడాను 9తో గుణించండి. ఈ బార్లకు అది చిల్లర. పెనం మీద ప్రతి వాయికీ స్ప్రే కొట్టేవాళ్లకు మాత్రం చిల్లర కాదు.

నిమ్మగడ్డి
బాదం లేబుల్‌లో 579 అని ఉన్నా మన ఒంటికి అంత పట్టదని చదివాను. అమెరికా వ్యవసాయశాఖ పరిశోధకులే 2012లో చెప్పారు, 28 గ్రాముల బాదంలో 170 అనుకుంటున్నది అసలు 129 మాత్రమే అని. అప్పుడు ఈ లెక్కంతా తగ్గాలి కదా?

తూకంరాయి
ఆ అధ్యయనం నిజమే. అది గింజ గింజగా తిన్న బాదం మీద చేశారు. నమలడంలో పూర్తిగా నలగని ముక్కల్లోని కొవ్వు అరగకుండా బయటికి పోతుంది. తర్వాత అదే బృందం చేసిన మరో అధ్యయనంలో తరిగిన వాటిలో ఆ తగ్గుదల కొంచెం తగ్గింది, మెత్తగా రుబ్బిన బాదం బటర్‌లో దాదాపు కనబడలేదు. మీ బార్లలో బాదం తరిగారా, పలుకులా, పొడా అన్నది తెలియాలి. డబ్బా మీద రాసేదానికి నేనైతే లేబుల్ అంకెనే పట్టుకుంటాను, ఎందుకంటే మిగతా నాలుగూ లేబుల్ అంకెలే.

నిమ్మగడ్డి
ఒకదానికి నిజం తెలిసినప్పుడు దాన్ని వాడకపోవడం ఏం న్యాయం?

పిండిమర
ఒకదానికి ఒక కొలబద్ద, మిగతావాటికి ఇంకో కొలబద్ద పెట్టడం అంతకంటే న్యాయమా?

రాత్రిబండి
ఈ గొడవ తేలేలోపు బార్లు అయిపోతాయి.

సగంకప్పు
బాదం తరిగినవే, పెద్ద పలుకులు. డబ్బా మీద ‘47 గ్రాముల బార్, సుమారు 210 కేలరీలు’ అని రాస్తున్నాను. కింద పీనట్, బాదం ఉన్నాయని కూడా. అలర్జీ ఉన్నవాళ్లకు కేలరీల కంటే అది ముఖ్యం అని ఒకరు ప్రైవేటుగా మెసేజ్ పెట్టారు.

ఇంకొకటి అడగాలి. వచ్చేవారం ఇదే ఆరింతలు చేయమంటున్నారు. పీనట్ బటర్ వేరే కంపెనీది దొరికింది, దాని స్క్రీన్‌షాట్‌లో 32 గ్రాములకు 180, నా చేతిలో ఉన్న డబ్బా మీద 200. ఏది నమ్మాలి?

పిండిమర
చేతిలో ఉన్న డబ్బా. పేజీలో పెట్టినది పాత ప్యాకింగ్ ఫోటో కావచ్చు, లేదా తక్కువ కొవ్వు రకానిది కావచ్చు. ఆరింతలంటే 720 గ్రాములు, 32కు 20 తేడా చొప్పున మొత్తం మీద 450 కేలరీలు మారతాయి.

మూడోచెంచా
ఆరింతలకు అంచులు ఎన్ని గ్రాములొస్తాయో ఎవరైనా లెక్కేశారా?